ఆటో రిప్లై పెట్టినా మధ్యాహ్నం పోవడం లేదు, పోస్టులు ముందే పెట్టుకుంటే పని ఇంకా పెరిగింది

స్వర్ణముఖి_కలం | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది శ్రీకాళహస్తి. కలంకారీ దుపట్టాలు, చీరలు నేనే గీస్తాను, నేనే అమ్ముతాను. అంగడి లేదు, ఫోనే నా అంగడి. సాయం చేసేదానికి ఎవరూ లేరు.

పగలు 10 నుంచి 5 దాకా బట్ట మీద కూర్చుంటాను. మాకు నల్ల గీత అంటే కసిమి. బెల్లం, ఇనుప ముక్కలు రోజుల తరబడి ఊరబెట్టి తీసిన నీళ్ళు. కరక్కాయ పట్టిన బట్ట మీద అది తగిలితే అక్కడే నల్లబడిపోతుంది, ఇక తీసేదానికి లేదు. పోయిన నెల అమ్మవారి ముక్కు గీస్తుండగా ఫోను కుయ్‌మంది. కలం పట్టిన చెయ్యి రవ్వంత అదిరింది, బుగ్గ మీద మినపగింజంత చుక్క పడింది. పది రోజుల పని. ఆ చుక్కను పుట్టుమచ్చ చేసేదానికి వీల్లేని చోట పడింది.

ఆ రోజే వాట్సాప్ బిజినెస్‌లో `Away message` పెట్టినాను. 10 నుంచి 5 దాకా టైము కూడా పెట్టినాను. మొదటి రోజు పోయింది. తర్వాత పోవడం లేదు. సాయంత్రం చూస్తే మెసేజీలన్నీ అట్లే ఉంటాయి, కొందరు "హలో?" "ఉన్నారా?" అని మూడుసార్లు పెట్టి వెళ్ళిపోయి ఉంటారు.

రెండోది. ఒక ఆదివారమంతా కూర్చుని నెలకు సరిపడా 12 పోస్టులు ఇన్‌స్టాగ్రామ్‌కీ ఫేస్‌బుక్‌కీ ముందే టైము పెట్టి వదిలినాను. పని తగ్గుతుందనుకుంటే రాత్రి 12 దాకా జవాబులిస్తా కూర్చుంటున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

---

సెల్‌పాయింట్_పుత్తూరు | ఆదివారం, రాత్రి 10:05

అక్కా, ఇది చాలా సింపుల్. టైము తీసేసి `Always send` పెట్టేయండి. ఎప్పుడొచ్చినా పోతుంది. మెసేజీలు టైము పెట్టి పంపేదానికి వేరే యాప్ ఉంది, నేను వాడతా ఉన్నాను. పొద్దున 8కి 200 మందికి కొత్త స్టాక్ ఫొటో దానంతట అదే పోతుంది. కావాలంటే లింక్ పెడతాను.

---

కొర్లగుంట_కేకులు | ఆదివారం, రాత్రి 10:30

ఆ లింక్ ఇప్పుడే వద్దు తమ్ముడూ, దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

స్వర్ణముఖి గారూ, రెండు ప్రశ్నలు. పనిలో ఉన్నప్పుడు ఫోన్లో నెట్ ఆపేస్తున్నారా? ముందే పెట్టిన ఆ 12 పోస్టుల్లో ఏమున్నాయి?

---

స్వర్ణముఖి_కలం | ఆదివారం, రాత్రి 10:42

అవును, ఆపేస్తున్నాను. మొదటి రోజు ఆపలేదు. ఆటో రిప్లై ఎట్లాగూ పోతుంది కదా, మళ్ళీ శబ్దం ఎందుకని రెండో రోజు నుంచి నెట్ ఆపుతున్నాను.

12 పోస్టులూ చీరలు, దుపట్టాలే. ఒక్కో పోస్టుకు ఒక్కో పీసు.

---

కొర్లగుంట_కేకులు | ఆదివారం, రాత్రి 11:10

అయితే మీ కష్టానికి కారణాలు ఆ రెండు జవాబుల్లోనే ఉన్నాయి. నేను తిరుపతిలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. పిండి చేతులతో ఫోను ముట్టుకోలేక నేనూ ఇవన్నీ పడినదాన్నే. ఈ రోజు ఆటో రిప్లై సంగతి చెప్తాను, పోస్టుల సంగతి తర్వాత.

మన ఫోన్లో వాడే వాట్సాప్ బిజినెస్ యాప్‌లో `Away message` పోవాలంటే ఆ ఫోన్లో నెట్ ఉండాలి. నెట్ ఆపితే వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. శబ్దం వద్దనుకుంటే నెట్ జోలికి పోకండి, నోటిఫికేషన్ల శబ్దం ఆపండి. ఫోన్లో `Do not disturb` ఉంటుంది, ఇంట్లోవాళ్ళ నంబర్లకు మాత్రం మినహాయింపు పెట్టుకోండి. ఇంకా మంచిది ఫోన్ని పక్క గదిలో చార్జింగ్‌కు పెట్టి రావడం. బ్యాటరీ సేవర్ వేసి ఉంటే అదీ తీసేయండి, కొన్ని ఫోన్లలో అది యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది.

ఇది సరిచేసినా రెండో రోజు నుంచి మళ్ళీ పోదు. ఎందుకంటే మీరు టైము పెట్టింది `Custom schedule`లో అయి ఉంటుంది. అందులో మొదలు తేదీ, టైము, ముగింపు తేదీ, టైము అడుగుతుంది. అది ఒక్కసారికే. పెళ్ళికి ఊరెళ్ళినప్పుడో పండక్కి సెలవు పెట్టినప్పుడో వాడేది. రోజూ తిరిగి వచ్చేది కాదు. మీరు ఆ రోజు తేదీ పెట్టి ఉంటారు, ఆ సాయంత్రం 5కి దాని పని అయిపోయింది.

రోజూ పోవాలంటే దారి వేరే. ముందు మీ బిజినెస్ ప్రొఫైల్లో పనివేళలు పెట్టండి. ఇక్కడ తిరకాసు ఉంది. మీరు బట్ట మీద పని చేసే వేళలు కాదు, ఫోన్లో జవాబిచ్చే వేళలు పెట్టాలి. అంటే సాయంత్రం 5:30 నుంచి 9. తర్వాత `Business tools`లో `Away message`కు పోయి `Outside of business hours` ఎంచుకోండి. అప్పుడు ఆ మూడున్నర గంటలు తప్ప మిగతా వేళల్లో వచ్చినవాళ్ళకు జవాబు పోతుంది. రాత్రి 12కి అడిగినవాళ్ళకూ పోతుంది కాబట్టి మీరు ఆ వేళకు కూర్చోనక్కరలేదు.

`Always send` ఎందుకు వద్దంటే, సాయంత్రం మీరు ఫోన్ పట్టుకుని మాట్లాడదామని కూర్చున్నప్పుడు కూడా "నేను పనిలో ఉన్నాను" అని పోతుంది. చదివినవాళ్ళు ఇది అబద్ధమనుకుంటారు.

---

ఘాట్‌రోడ్డు_ట్రావెల్స్ | సోమవారం, ఉదయం 6:15

నాది సొంత కారు, తిరుమల, కాణిపాకం, కాళహస్తి ట్రిప్పులు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తను, అందుకే నేనూ ఆటో రిప్లై పెట్టినాను. "నమస్తే, ఏ రోజు, ఎంతమంది, ఎక్కడ ఎక్కుతారు" అని. బాగా పనిచేసింది గానీ సగం మంది దర్శనం టికెట్లు అడుగుతున్నారు. టికెట్లు నా చేతిలో ఉండవు కదా. రోజుకు పది మందికి "టికెట్లు టీటీడీ దగ్గర తీసుకోవాలి, నేను కారు మాత్రమే" అని టైప్ చేసి చేతులు నొప్పి.

దీనికి ఏమన్నా ఉందా?

---

కొర్లగుంట_కేకులు | సోమవారం, ఉదయం 7:00

ఉంది అన్నా. మీ ఆటో రిప్లైలో మొదటి వాక్యమే అది పెట్టండి: "నేను కారు మాత్రమే ఇస్తాను, దర్శనం టికెట్లు నా దగ్గర ఉండవు." అప్పటికీ అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకోసం `Quick replies` ఉంది. ఒకసారి జవాబు రాసి దానికి చిన్న పేరు పెట్టుకుంటే, చాట్‌లో `/` కొట్టి ఆ పేరు మొదటి అక్షరాలు కొడితే మొత్తం జవాబు వచ్చి కూర్చుంటుంది. ఇట్లాంటివి 50 దాకా దాచుకోవచ్చు. అన్ని అవసరం లేదు, నావి ఆరే.

---

చిత్తూరు_తాండ్ర | సోమవారం, ఉదయం 9:20

నేను మామిడి తాండ్ర వేసి అమ్మేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా చేస్తా ఉన్నాను. నా మాట కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దండి.

మా అబ్బాయి నా ఫోన్లో ఏదో స్వాగతం మెసేజ్ పెట్టినాడు. మా దగ్గర పదేళ్ళుగా తాండ్ర తీసుకునే వేలూరు ఆయన "ఏమప్పా, బాగుండావా, ఈసారి తోతాపురి ఎట్లుంది" అని మెసేజ్ పెట్టినాడు. దానికి నా ఫోన్ "మా సంస్థను సంప్రదించినందుకు ధన్యవాదాలు, మీ పేరు, ఊరు తెలపండి" అని జవాబిచ్చింది. ఆయన ఫోన్ చేసి "నా పేరు మర్చిపోయినావా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు. అదే రోజు తీసేయించినాను.

గంటలు మిగులుతాయి, ఒప్పుకుంటాను. మనిషి పోతే ఆ గంటలు ఏం చేసుకోవాల?

---

కొర్లగుంట_కేకులు | సోమవారం, ఉదయం 10:05

పెద్దాయనా, మీరు తీసేయించడం న్యాయమే. కానీ ఆ తప్పు ఒక్క సెట్టింగ్‌తో పోయేది.

మీ అబ్బాయి పెట్టింది `Greeting message`. అది `Away message` లాంటిది కాదు. మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్ళకే కాదు, 14 రోజులు మాటా పలుకూ లేకుండా ఉండి మళ్ళీ పెట్టినవాళ్ళకూ పోతుంది. తాండ్ర ఏడాదికోసారి కొనేది కాబట్టి మీ పాత ఖాతాదారులందరూ దానికి కొత్తవాళ్ళే.

అందులోనే ఎవరెవరికి పోవాలో అడిగే చోటుంటుంది. `Everyone` బదులు `Everyone not in address book` పెడితే మీ ఫోన్లో పేరు దాచుకున్నవాళ్ళెవరికీ పోదు. వేలూరు ఆయన నంబరు పేరుతో ఉంటే చాలు, ఆయన మెసేజ్ మీకోసం అట్లే ఎదురుచూస్తుంది. `Away message`కూ ఇదే ఏర్పాటు ఉంది. దీనికోసం ఒక అలవాటు చేసుకోవాల. ఒకసారి కొన్నవాళ్ళ నంబరు ఆ పూటే పేరు, ఊరు రాసి దాచుకోవాల.

---

రిటైర్డ్_టీచరమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. చిత్తూరులో ఉంటాను. ఈ మధ్య ఎవరికి మెసేజ్ పెట్టినా "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, త్వరలో మీకు జవాబిస్తాం" అని వస్తోంది. త్వరలో అంటే ఎప్పుడమ్మా? గంటకా, రేపటికా? నేను ఫోన్ పట్టుకుని కూర్చోవాలా, వంట చూసుకోవచ్చా? ఆ ఒక్క మాట చెబితే నేను హాయిగా నా పని చూసుకుంటాను. ఒకావిడ మాత్రం "సాయంత్రం 6కి చెప్తాను" అని పెట్టింది. సరిగ్గా ఆరుంబావుకు చెప్పింది. ఆమె దగ్గరే నాలుగు చీరలు కొన్నాను.

---

స్వర్ణముఖి_కలం | సోమవారం, రాత్రి 8:50

అందరికీ దండాలు. పనివేళలు మార్చి `Outside of business hours` పెట్టినాను, ఫోన్లో పేరు ఉన్నవాళ్ళకు పోకుండా కూడా పెట్టినాను. ఫోన్ని వంటింట్లో పెట్టి నెట్ ఆన్‌లోనే ఉంచినాను. ఈ రోజు పోయినాయి! మా చెల్లెలి ఫోన్ నుంచి 11కి, 3కి పెట్టించి చూసుకున్నాను, రెండుసార్లూ వచ్చింది. ఆమె నంబరు నా ఫోన్లో ఉంది కాబట్టి ఆ పేరు తీసేసి చూడాల్సి వచ్చింది.

కానీ మెసేజ్‌లో ఏం రాయాలో తెలియడం లేదు. ఇప్పుడున్నది టీచరమ్మ గారు చెప్పిన ధన్యవాదాల మెసేజే.

---

కొర్లగుంట_కేకులు | సోమవారం, రాత్రి 9:15

రాసే ముందు ఒక పని చేయండి. గత మూడు రోజుల చాట్‌లు తెరిచి, ఒక్కొక్కరు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టండి. మొదటి ప్రశ్న మాత్రమే. ఊహించి రాస్తే మనకు నచ్చిన సంగతులు రాస్తాం, వాళ్ళకు కావలసింది రాయం.

---

స్వర్ణముఖి_కలం | మంగళవారం, రాత్రి 9:30

లెక్కపెట్టినాను. మూడు రోజుల్లో 38 మంది. అందులో 17 మంది "ధర ఎంత". 9 మంది "ఇది చేత్తో గీసిందా, ప్రింటా". 6 మంది "ఇది ఉందా" అని పోస్టులో ఉన్న పీసు గురించి, ఆరూ అమ్ముడుపోయినవే. 4 మంది కొరియర్ ఎన్ని రోజులని. ఇద్దరు మాత్రమే నేను కూర్చుని నిజంగా మాట్లాడాల్సినవాళ్ళు. ఒకామె కూతురి పెళ్ళికి సీతాకల్యాణం గీయమంది, ఒకాయన గోడకు కల్పవృక్షం కావాలన్నాడు.

ఆ పెళ్ళి ఆమెకు నేను రాత్రి 11:30కి జవాబిచ్చినాను. అప్పటికి ఆమె పడుకుని ఉంటుంది. ధర, ప్రింటా, కొరియర్ అని అడిగే ముప్పై మంది కింద ఆమె మెసేజ్ అడుగున పడిపోయింది. ఇది ఈ రోజు దాకా నాకు కనపడలేదు.

---

కొర్లగుంట_కేకులు | మంగళవారం, రాత్రి 10:10

మీ ఆటో రిప్లై ఏం చేయాలో ఆ కాగితమే చెప్తోంది. ధర, చేతి పని, కొరియర్ అడిగే 30 మందికి జవాబు అక్కడికక్కడే దొరకాల. ఆ ఇద్దరు పైకి తేలాల. నేనైతే ఇట్లా రాస్తాను, మీ ధరలు మీరు వేసుకోండి:

"నమస్తే అండి. ఇవన్నీ నేను చేత్తో గీసేవి, ప్రింటు కాదు. దుపట్టాలు 1,800 నుంచి, చీరలు 6,500 నుంచి ఉంటాయి. పగలు బట్ట మీద పనిలో ఉంటాను కాబట్టి సాయంత్రం 5:30 నుంచి 9 లోపల జవాబిస్తాను. మీకు నచ్చిన పోస్టు ఫొటో, మీ ఊరి పిన్‌కోడ్ ఇప్పుడే పంపి ఉంచండి. మీ కోసం ప్రత్యేకంగా గీయించుకోవాలంటే 'గీయాలి' అని రాయండి, ముందు మీకే జవాబిస్తాను."

చివరి వాక్యం ముఖ్యం. సాయంత్రం ఫోన్ తీయగానే చాట్‌ల పైన వెతికే చోట "గీయాలి" అని కొడితే వాళ్ళ మెసేజీలు వస్తాయి, ఆ మాట ఉన్న మన ఆటో రిప్లైలు కూడా వస్తాయి గనక వాళ్ళు రాసినవే చూసుకోండి. వాళ్ళతో మొదలుపెట్టండి. పిన్‌కోడ్ ముందే అడిగితే కొరియర్ చార్జీ కోసం మళ్ళీ రెండు మెసేజీలు అటూ ఇటూ తిరగనక్కరలేదు.

మెసేజ్ ఇంతకన్నా పెంచకండి. ఫోన్ తెరలో ఒక్క చూపుకు పట్టాల.

తర్వాత `Quick replies`. "చేత్తోనా, ప్రింటా" అన్నదానికి ఒకటి తప్పకుండా చేసుకోండి, దానికి ఫొటో కూడా జోడించవచ్చు. పేరు `/cheyyi` అనుకోండి. అందులో ఏం రాయాలో మీకే బాగా తెలుసు.

---

స్వర్ణముఖి_కలం | మంగళవారం, రాత్రి 10:40

ఇది మాత్రం నేను రాయగలను. ఒకే బట్ట మీద రెండు నెమళ్ళను దగ్గరగా ఫొటో తీసి పెడతాను. అచ్చు వేసినవైతే రెండూ ఒకటే పోలిక. చేత్తో గీసినప్పుడు ఒకదాని తోక ఒక గీత ఎక్కువ, ఇంకొకదాని కన్ను కొంచెం వాలుగా ఉంటుంది. కలం నీళ్ళు అయిపోయి మళ్ళీ ముంచిన చోట గీత కాస్త లావవుతుంది. కొత్త బట్టకు పాల వాసన కూడా ఉంటుంది, కరక్కాయతో పాటు పాలు పడతాం కదా. ఆ వాసన చూసి కొందరు బట్ట పాడైందనుకుంటారు. అదీ రాస్తాను.

---

చిత్తూరు_తాండ్ర | బుధవారం, ఉదయం 8:00

ధర ముందే రాయడం నాకు నచ్చలేదమ్మా. 6,500 అని చూడగానే సగం మంది మాట్లాడకుండా పోతారు. పది నిమిషాలు మాట్లాడి, ఎట్లా చేస్తారో చెప్తే ఆ సగంలో నలుగురు కొంటారు. తాండ్ర పొర మీద పొర ఎండబెట్టే సంగతి చెప్పిన తర్వాతే నేను ధర చెప్తాను.

---

కొర్లగుంట_కేకులు | బుధవారం, ఉదయం 8:40

ఆ పది నిమిషాలు రోజుకు పదిహేడు మందికి ఇవ్వాల్సి వస్తే బట్ట మీద ఎవరు కూర్చుంటారు పెద్దాయనా? నాకైతే కేకు కిలో ధర రాసిన తర్వాత మెసేజీలు తగ్గినాయి, ఆర్డర్లు తగ్గలేదు. కానీ కేకు ధర అందరికీ ఒక అంచనా ఉంటుంది. కలంకారీకి మీరన్నదే నిజం కావచ్చు. స్వర్ణముఖి గారే రెండు వారాలు అట్లా, రెండు వారాలు ఇట్లా పెట్టి చూడాల.

---

సెల్‌పాయింట్_పుత్తూరు | బుధవారం, ఉదయం 11:00

నా యాప్ సంగతి తర్వాత చెప్తానన్నారు అక్కా. ఆరు నెలలుగా వాడతా ఉన్నాను, ఏమీ కాలేదు.

---

కొర్లగుంట_కేకులు | బుధవారం, మధ్యాహ్నం 2:20

ఆ యాప్ ఫోన్లో యాక్సెసిబిలిటీ అనుమతి అడిగి ఉంటుంది కదా? అంటే మీ బదులు అదే తెర మీద నొక్కుతుంది. మీ చాట్‌లు, మీరు టైప్ చేసేవి అన్నీ దాని కంట పడతాయి. పైగా వాట్సాప్ నియమాల ప్రకారం ఇట్లా యంత్రంతో గుంపుగా పంపడానికి వీల్లేదు, పట్టుబడితే నంబరు నిలిచిపోతుంది. నాకు తెలిసిన ఒక బట్టల ఆమెకు దసరా ముందు నంబరు ఆగిపోయింది. అంగడి ఉన్నవాళ్ళకైతే ఒక దారి మూసుకుపోయినట్టు. స్వర్ణముఖి గారికి ఆ నంబరే అంగడి.

ఇంకోటి, 200 మందికి పోతోందన్నారు. అది బ్రాడ్‌కాస్ట్ లిస్టేనా?

---

సెల్‌పాయింట్_పుత్తూరు | బుధవారం, మధ్యాహ్నం 2:45

అవును, బ్రాడ్‌కాస్ట్ లిస్టే. 256 దాకా పెట్టుకోవచ్చు కదా.

---

కొర్లగుంట_కేకులు | బుధవారం, మధ్యాహ్నం 3:00

పెట్టుకోవచ్చు. కానీ మీ నంబరు వాళ్ళ ఫోన్లో దాచుకున్నవాళ్ళకే అది చేరుతుంది. ఒక మెసేజ్‌ను నొక్కిపట్టి దాని వివరాలు చూడండి, ఎంతమందికి చేరిందో ఉంటుంది.

---

సెల్‌పాయింట్_పుత్తూరు | బుధవారం, సాయంత్రం 5:10

చూసినాను. 61 మందికే చేరింది. ఆరు నెలలుగా 200 మంది చూస్తున్నారనుకున్నాను. అయినా ఆ 61 మందిలోనే నాకు బేరాలొస్తున్నాయి అక్కా, లిస్టు మాననులే. చేత్తోనే పంపుతాను. యాప్ తీసేయాలా వద్దా అన్నది ఇంకా ఆలోచిస్తున్నాను.

---

కొర్లగుంట_కేకులు | బుధవారం, రాత్రి 9:30

ఇప్పుడు పోస్టుల సంగతి. స్వర్ణముఖి గారి లెక్కలో నాకు బాధనిపించింది ఆ ఆరుగురు. ఆరుగురూ అమ్ముడుపోయిన పీసు అడిగినవాళ్ళు.

మీ దగ్గర ప్రతి చీరా ఒక్కటే. ఈ నెల 20కి పోస్టు కావాలని టైము పెట్టిన చీర 8నే వాట్సాప్‌లో అమ్ముడైపోతుంది. 20న అది దానంతట అదే బయటికొస్తుంది. అప్పుడు వచ్చిన ప్రతి మనిషికీ "అయిపోయింది అండి" అని చెప్పి, ఇంకోటి చూపించి, సముదాయించాల. ముందే పెట్టుకున్న పోస్టు మీకు పని మిగల్చలేదు, లేని పనిని పుట్టించింది. వంద ఒకే రకం సబ్బులు అమ్మేవాళ్ళకు ఈ ఇబ్బంది ఉండదు.

అందుకని ఒక్కటే ఉన్న పీసును ముందే టైము పెట్టి వదలకండి. దాన్ని మీరు జవాబిచ్చే వేళకే, చేత్తో పెట్టండి. ముందే పెట్టుకోదగ్గవి పాతబడనివి. కరక్కాయ దంచడం, బట్ట పాలలో పట్టడం, చింతబొగ్గుతో మొదటి గీతలు, వెదురు కలానికి ఉన్ని చుట్టడం, పారే నీళ్ళలో ఉతకడం. ఇవి ఎప్పుడు బయటికొచ్చినా నిజమే. పైగా "చేత్తోనా, ప్రింటా" అన్న ప్రశ్నకు ఇవే జవాబు.

పెట్టేది ఎక్కడంటే, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ రెంటికీ కలిపి మెటా బిజినెస్ సూట్ అనే యాప్‌లో `Planner` ఉంది, క్యాలెండర్ లాగా కనపడుతుంది. ఇన్‌స్టాగ్రామ్ ఒక్కదానికైతే ఆ యాప్‌లోనే పోస్టు పెట్టేటప్పుడు షెడ్యూల్ చేయవచ్చు, 75 రోజుల ముందు దాకా. అకౌంట్ ప్రొఫెషనల్‌గా మార్చుకుని ఉండాల. కానీ అంత దూరం పోకండి, రెండు వారాలు చాలు.

టైము సాయంత్రం 5:45 పెట్టండి. పోస్టు పడిన మొదటి గంటలోనే ఎక్కువ మంది అడుగుతారు, నా అనుభవంలో అంతే. పొద్దున 11కి పడితే వాళ్ళందరూ ఆటో రిప్లైకి పోతారు, సాయంత్రానికి సగం మందికి ఆ వేడి తగ్గిపోతుంది.

---

ఘాట్‌రోడ్డు_ట్రావెల్స్ | గురువారం, ఉదయం 5:50

దీనికి నాదొకటి కలపనివ్వండి. 2021 నవంబర్‌లో తిరుపతిలో వానలు గుర్తున్నాయి కదా, వీధులు ఏరులైపోయి ఘాట్ రోడ్డు మూసేసినారు. వారం ముందే నేను "ఈ వారం తిరుమల ట్రిప్ బుక్ చేసుకోండి" అని పోస్టు టైము పెట్టి ఉన్నాను. మర్చిపోయినాను. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొస్తే సామాన్లు మిద్దె మీదికి ఎక్కిస్తా ఉన్నాను, అప్పుడు అది బయటికి పోయింది. కింద ఒకాయన "జనం నీళ్ళలో ఉంటే నీకు బేరమా" అని రాసినాడు. ఆయన తప్పు లేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున బండి కడిగేటప్పుడు ఈ రోజు ఏం పోవాల్సి ఉందో ఒకసారి చూస్తాను. రెండు నిమిషాలే.

---

స్వర్ణముఖి_కలం | పదిహేను రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

మళ్ళీ వచ్చినాను. చీరల పోస్టుల్లో మిగిలినవన్నీ `Planner`లోంచి తీసేసినాను. పని చేసే వీడియోలు ఆరు, వారానికి మూడు చొప్పున పెట్టినాను. రాత్రి ఫోను పని మూడు గంటలు ఉండేది, ఇప్పుడు గంటంబావు. లెక్క రాసుకున్నాను. 9 తర్వాత ఫోన్ తీయడం లేదు. "గీయాలి" అని పెట్టినవాళ్ళు ఐదుగురు, ఇద్దరు అడ్వాన్సు ఇచ్చినారు. సీతాకల్యాణం ఆమె తిరిగి రాలేదు.

రెండు చోట్ల ఇంకా కుంటుతోంది. ఒకటి, సాయంత్రం 5:30 అని రాసిన తర్వాత ఒక రోజు జ్వరమొచ్చి ఫోన్ తీయలేకపోయినాను. ఆ రోజు వచ్చిన మాటలు మామూలు రోజుల కంటే ఎక్కువ బాధపెట్టినాయి. ఆటో రిప్లై లేకపోతే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదేమో.

రెండోది, ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెట్టేవాళ్ళకు ఇవేవీ పోవడం లేదు.

---

కొర్లగుంట_కేకులు | ఆదివారం, రాత్రి 9:00

ఇన్‌స్టాగ్రామ్‌ది వేరే పెట్టుకోవాల. మెటా బిజినెస్ సూట్‌లో ఇన్‌బాక్స్ తెరిచి ఆటోమేషన్స్‌లోకి పోతే అక్కడ కూడా వెంటనే పోయే జవాబు పెట్టవచ్చు. ఇదే మెసేజ్‌ను అక్కడా రాసి, చివర మీ వాట్సాప్ నంబరు ఇచ్చేయండి. రెండు చోట్ల మాట్లాడకండి.

జ్వరం రోజుకు `Custom schedule` పనికొస్తుంది. ఆ రోజు నుంచి మర్నాడు సాయంత్రం దాకా పెట్టి, "ఒంట్లో బాగాలేదు, రేపు సాయంత్రం జవాబిస్తాను" అని రాయండి. కోలుకున్న తర్వాత మళ్ళీ పాత ఏర్పాటుకు మార్చడం మర్చిపోకండి, అది దానంతట అది మారదు.

---

చిత్తూరు_తాండ్ర | సోమవారం, ఉదయం 7:40

మా అబ్బాయితో మళ్ళీ పెట్టించినాను. పేరున్నవాళ్ళకు పోకుండా, ధర లేకుండా. చూద్దాం.

ఒక అనుమానం. మాకు సగం బేరాలు వేలూరు, రాణిపేట వైపు నుంచి. వాళ్ళు తమిళంలో రాస్తారు. నా ఫోన్ తెలుగులో జవాబిస్తే వాళ్ళకు చదవడం రాదు. రెండు భాషల్లో రాస్తే మెసేజ్ పొడుగైపోతుంది, మీరేమో ఒక్క చూపుకు పట్టాలన్నారు. ఎవరన్నా దీన్ని ఎట్లా చేస్తున్నారు?

---

ఘాట్‌రోడ్డు_ట్రావెల్స్ | సోమవారం, ఉదయం 8:10

నాదీ అదే బాధ పెద్దాయనా, నాకు హిందీ వాళ్ళు కూడా. నేను పైన రెండు లైన్లు ఇంగ్లీషు, కింద రెండు లైన్లు తెలుగు పెట్టినాను. తమిళం వాళ్ళు ఆ రెంటినీ వదిలేసి నేరుగా ఫోన్ చేస్తా ఉన్నారు, నేను బండి నడుపుతా ఉంటాను. వేరే దారి దొరికితే ఇక్కడే రాయండి, నేనూ చూస్తాను.